ఐదు వేల ఆప్షన్లా, పదిహేను వందల ఆప్షన్లా? స్టార్టప్ ఆఫర్‌ను లెక్కకట్టే తీరు

స్టార్టప్ ఇచ్చే ఆఫర్ లెటర్లో ఆప్షన్లు, అంటే కంపెనీ షేర్లను ముందే ఖాయం చేసిన ధరకు తర్వాత కొనుక్కునే హక్కులు, ఎన్నో రాసి ఉంటుంది. కంపెనీలో మొత్తం షేర్లు ఎన్నో మాత్రం రాయరు. ఆ రెండో అంకె తెలియనిదే మొదటి అంకెతో పనేమీ లేదు. వెయ్యి షేర్లున్న కంపెనీలో 10 ఆప్షన్లంటే ఒక శాతం. కోటి షేర్లున్న కంపెనీలో 10,000 ఆప్షన్లిచ్చినా అందులో పదో వంతే. అయినా లెటర్ చేతికొచ్చిన రోజు అందరూ మురిసిపోయేది పెద్ద అంకె చూసే.

మా అక్క కూతురి విషయమే చెబుతాను. తిరుపతిలోనే ఇంజనీరింగ్ చదివి, చెన్నైలో ఐదేళ్ళుగా ఎంబెడెడ్ పని చేస్తోంది. ఉన్న కంపెనీ జీతం పెంచి ఉండమంది. అదే సమయంలో రెండు స్టార్టప్‌ల నుంచి పిలుపొచ్చింది. ఒకటి మన కరకంబాడి రోడ్డులో ఉంది. పలమనేరు, పుంగనూరు వైపు పాల సేకరణ కేంద్రాల్లో బల్క్ కూలర్ల ఉష్ణోగ్రత కనిపెట్టే పరికరాలు చేస్తుంది. మొదటి విడత పెట్టుబడి, అంటే సీడ్ రౌండ్, అయిపోయింది. రెండోది బెంగళూరులో, సీడ్ తర్వాత సిరీస్ ఎ, ఆ తర్వాతి విడత అయిన సిరీస్ బి దాకా వచ్చిన కంపెనీ. ఏ కంపెనీయో గుర్తు తెలియకుండా అంకెల్ని గుండ్రం చేశాను. లెక్క నడిచే తీరు మాత్రం అదే.

| | చెన్నై | తిరుపతి | బెంగళూరు |
|---|---|---|---|
| ఏడాది జీతం | 17 లక్షలు | 11 లక్షలు | 15 లక్షలు |
| ఆప్షన్లు | లేవు | 5,000 | 1,500 |
| ఒక్కో షేరు కొనాల్సిన ధర | – | ₹10 | ₹1,200 |
| లెటర్లో వేసిన విలువ | – | 10 లక్షలు | 36 లక్షలు |

"మామా, 36 లక్షలంటే రెండున్నరేళ్ళ జీతం కదా, ఇంకేం ఆలోచించాలి?" అంది. వాళ్ళ నాన్న చెన్నై వదలొద్దన్నాడు. మా అక్క సంగతి చెప్పక్కర్లేదు, కూతురు ఇంటికొస్తుందంటే జీతం ఎంతన్నది ఆమెకు రెండో మాట. ముగ్గురిలో ఎవరి మాట నిజమో తేలాలంటే ఆ చివరి వరుసను కొట్టేసి మొదటి నుంచీ మొదలుపెట్టాలి.

ముందు శాతం తేల్చుకోవాలి

హెచ్.ఆర్.ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఫుల్లీ డైల్యూటెడ్ లెక్కన మొత్తం షేర్లు ఎన్ని?" ఆ మాటను యథాతథంగా వాడాలి. ఊరికే "మొత్తం షేర్లెన్ని" అంటే ఇప్పటిదాకా జారీ అయినవే చెబుతారు. ఇన్వెస్టర్ల ప్రిఫరెన్స్ షేర్లు మామూలు షేర్లుగా మారితే ఎన్ని అవుతాయో, ఉద్యోగుల కోసం పక్కన పెట్టిన పూల్ మొత్తం ఎంతో (ఇంకా ఎవరికీ ఇవ్వనివి కూడా), తర్వాత షేర్లుగా మారే అప్పులు, అంటే కన్వర్టిబుల్ నోట్లుంటే వాటికి వచ్చే షేర్లెన్నో, అన్నీ కలిపితేనే ఫుల్లీ డైల్యూటెడ్.

తిరుపతి కంపెనీ మొదట 8.5 లక్షల షేర్లంది. అంటే 5,000 ఆప్షన్లు 0.59 శాతం. పూల్ కలిపారా అని మళ్ళీ అడిగితే ఇంకో 1.5 లక్షలు బయటపడ్డాయి. మొత్తం 10 లక్షలు, వాటా సరిగ్గా అర శాతం. మోసమని అనను. ఆ లెటర్ తయారుచేసిన అబ్బాయికే తేడా తెలియదు. చిన్న కంపెనీల్లో ఇది మామూలే.

బెంగళూరు కంపెనీ "కాన్ఫిడెన్షియల్" అని ఊరుకుంది. ప్రైవేటు కంపెనీ అయినంత మాత్రాన అంతా రహస్యం కాదు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో `View Public Documents` అనే చోట వంద రూపాయలు కడితే కంపెనీ దాఖలు చేసిన కాగితాలు తెరిచి చూడొచ్చు. అందులో `PAS-3` అనే ఫారం కొత్త షేర్లు ఇచ్చిన ప్రతిసారీ వేసేది. ఎన్ని షేర్లు, ఒక్కోటి ఎంతకు, ఎవరికి ఇచ్చారో అందులో ఉంటుంది. ఏటా వేసే `MGT-7`లో అప్పటికి జారీ అయిన మొత్తం షేర్లుంటాయి. ఆ రెండూ కలిపి చూస్తే చివరి రౌండులో షేరు ధర ₹2,400 అని, జారీ అయినవి 22.5 లక్షలని తేలింది. ఇంకా తీసుకోని ఆప్షన్లు షేర్ల లెక్కలోకి రావు కాబట్టి ఆ ఫారాల్లో పూల్ కనపడదు. దానికి పది శాతం వేసుకుని 25 లక్షలన్నాం. ఆ లెక్కన 1,500 ఆప్షన్లు 0.06 శాతం. కంపెనీ విలువ 600 కోట్లు.

ఒక జాగ్రత్త ఉంది. ప్రిఫరెన్స్ షేరు ఒకటికి మామూలు షేరు ఒకటి అని అన్నిచోట్లా ఉండదు. మార్పిడి నిష్పత్తి కంపెనీ నియమావళిలో, అంటే ఆర్టికల్స్‌లో రాసి ఉంటుంది. అదీ ఆ పోర్టల్లోనే దొరుకుతుంది. చదవడానికి ఓపిక కావాలంతే.

36 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి?

1,500ని ₹2,400తో గుణిస్తే 36 లక్షలు. ఆ షేర్లు కొనడానికి ఆమె జేబులోంచి కట్టాల్సిన ₹1,200 సంగతి ఆ గుణకారంలో లేదు. అది తీసేస్తే మిగిలేది 18 లక్షలు. అంటే లెటర్లో ఉన్నదాంట్లో సగం ఆమె డబ్బే. తిరుపతి లెటర్లోనూ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ షేరు ₹10 కాబట్టి 10 లక్షల్లో పోయేది 50 వేలే.

షేరు ముఖ విలువకు తక్కువగా ఇవ్వకూడదన్నది చట్టం. అంతకు పైన ఎంతకు ఇవ్వాలన్నది కంపెనీ ఇష్టం. మన దేశంలో చాలా స్టార్టప్‌లు ముఖ విలువకే ఇస్తాయి. కాబట్టి సగం ధరకు ఇస్తూ "డిస్కౌంట్" అని చెప్పే కంపెనీ కనపడితే పక్క కంపెనీలు ఎంతకిస్తున్నాయో విచారించుకోవాలి.

ఆ ₹1,200 ఏం చేస్తుందో ఇంకో వైపు నుంచి చూడండి. కంపెనీ రేపు 300 కోట్లకు అమ్ముడుపోయిందనుకుందాం. పేపర్లో వార్త వస్తుంది, బంధువులు ఫోన్ చేస్తారు. 300 కోట్లను 25 లక్షల షేర్లతో భాగిస్తే షేరు ₹1,200. ఆమె కట్టాల్సింది ₹1,200. చేతికొచ్చేది సున్నా.

ఈ ₹2,400 అనేది ఇన్వెస్టర్ తన ప్రిఫరెన్స్ షేరుకు పెట్టిన ధర. ఆ షేరుకున్న హక్కులు ఆమెకొచ్చే మామూలు షేరుకు ఉండవు. వాల్యుయేషన్ అంటే ఎవరో ఒక రోజున కొన్ని షేర్లకు ఒప్పుకున్న ధరే, అంత డబ్బు ఎక్కడా కుప్పగా ఉండదు. బైజూస్‌కు 2022లో 22 బిలియన్ డాలర్ల విలువ కట్టారు. 2024 జూలైలో అది దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. అటు ఫ్లిప్‌కార్ట్ 2022 చివర్లో ఫోన్‌పేను విడగొట్టాక, 2023లో ఆప్షన్లున్న ఉద్యోగులకు దాదాపు 70 కోట్ల డాలర్లు నిజంగానే పంచింది. రెండూ మన దేశంలోనే, ఏడాది తేడాతో జరిగాయి.

రౌండు రౌండుకూ వాటా ఎంత తగ్గుతుంది?

తిరుపతి కంపెనీ సిరీస్ ఎ తీసుకుంటుందనుకోండి. ఇన్వెస్టర్ 16 కోట్లు పెట్టి, ఆ డబ్బు కలిశాక కంపెనీ విలువ 80 కోట్లని ఒప్పుకున్నాడు. అతనికి 20 శాతం. అతనే ఒక షరతు కూడా పెడతాడు: కొత్తవాళ్ళను తీసుకోవాలి కాబట్టి ఆప్షన్ల పూల్‌ను ఇంకో 5 శాతం పెంచండి, అది నా డబ్బు రాకముందే చెయ్యండి అని. ఆ చివరి మాటలోనే ఉంది కిటుకు. ముందే పెంచితే ఆ 5 శాతం భారం పాతవాళ్ళ మీదే పడుతుంది, కొత్త ఇన్వెస్టర్ 20 శాతం చెక్కుచెదరదు. పాతవాళ్ళందరికీ కలిపి మిగిలేది 75 శాతం. మా అమ్మాయి 0.5 కాస్తా 0.375 అవుతుంది.

ఇంతకీ నష్టపోయిందా? లేదు. షేర్లు 10 లక్షల నుంచి 13.33 లక్షలయ్యాయి. 80 కోట్లను వాటితో భాగిస్తే షేరు ₹600. సీడ్ అప్పుడు ₹200, అంటే 10 లక్షల షేర్లకు కంపెనీ విలువ 20 కోట్లు. కంపెనీ విలువ నాలుగింతలైతే ఆమె షేరు మూడింతలైంది. ఆ తేడాయే డైల్యూషన్. "విలువ నాలుగింతలైంది" అని కంపెనీ టౌన్‌హాల్ మీటింగులో చప్పట్లు కొట్టించినప్పుడు మనం మనసులో వేసుకోవాల్సింది మూడింతలు. విలువ పెరగకుండా షేర్లు మాత్రమే పెరిగితే, ధర తగ్గించి డబ్బు తెచ్చుకుంటే, అప్పుడు నిజమైన దెబ్బ. అలాంటప్పుడు పాత ఇన్వెస్టర్లకు ఒప్పందం ప్రకారం అదనపు షేర్లు రావచ్చు. ఉద్యోగికి ఆ రక్షణ ఉండదు.

సీడ్ దశలో చేరితే, మంచి ధరకు అమ్ముడయ్యే లోపు ఇంకో మూడు రౌండ్లయినా పడతాయని వేసుకోవడం న్యాయం. ఎ రౌండులో 25 శాతం పోయింది. బి రౌండులో పూల్‌తో కలిపి 18, సి రౌండులో 14 పోతాయనుకుందాం. వీటిని కూడకూడదు. మిగిలేవాటిని గుణించాలి: 0.75, 0.82, 0.86. గుణిస్తే 0.53 చిల్లర. అర శాతం చివరికి 0.26 శాతమవుతుంది. బెంగళూరు కంపెనీకి ఇంకో రెండు చిన్న రౌండ్లే మిగిలాయనుకుంటే, ఒకదానిలో 14, ఇంకోదానిలో 11 పోయి 0.06 శాతం 0.046 అవుతుంది.

తొందరగా చేరిన వాళ్ళకు ఎక్కువ శాతం ఎందుకివ్వాలో ఇక్కడే తెలుస్తుంది. వాళ్ళది సగం కరిగిపోవడానికి సిద్ధంగా ఉన్న వాటా.

అమ్మకం రోజున ముందు ఎవరు తీసుకుంటారు?

శాతం తేలింది కదా అని అమ్మకం ధరతో గుణించేస్తే ఇంకో చోట దెబ్బ తింటాం. ఇన్వెస్టర్ల ప్రిఫరెన్స్ షేర్లకు లిక్విడేషన్ ప్రిఫరెన్స్ ఉంటుంది. మామూలుగా కనపడే రకంలో, కంపెనీ అమ్ముడైతే ఇన్వెస్టర్ తాను పెట్టిన డబ్బు ముందుగా వెనక్కి తీసుకోవచ్చు, లేదా మామూలు షేర్లుగా మార్చుకుని అందరితో పాటు వాటా తీసుకోవచ్చు. ఏది ఎక్కువైతే అది.

సిరీస్ ఎ తర్వాత తిరుపతి కంపెనీని ఓ పెద్ద డైరీ 25 కోట్లకు కొనేసిందనుకుందాం. సీడ్ ఇన్వెస్టర్ పెట్టింది 4 కోట్లు, ఎ ఇన్వెస్టర్ పెట్టింది 16 కోట్లు. వాటా తీసుకుంటే ఇద్దరికీ అంత రాదు కాబట్టి ఇద్దరూ తమ డబ్బే అడుగుతారు. 20 కోట్లు అక్కడికే సరి. మిగిలిన 5 కోట్లు ఫౌండర్లకూ ఉద్యోగులకూ. ఎ ఇన్వెస్టర్ 20, సీడ్ ఇన్వెస్టర్ 15 పోగా వాళ్ళందరిదీ కలిపి 65 శాతం, అందులో ఈమెది 0.375. లెక్కవేస్తే 2.9 లక్షలు. షేర్లు కొన్న 50 వేలు తీసేస్తే 2.4 లక్షలు. 25 కోట్లను నేరుగా 0.375 శాతంతో గుణించిన మనిషి మాత్రం 9 లక్షలు వస్తాయని ఎదురుచూస్తుంటాడు.

అదే 60 కోట్లకు అమ్ముడైతే ఎ ఇన్వెస్టర్ తన 16 కోట్లు తీసుకుంటాడు, ఎందుకంటే 20 శాతం వాటాకు వచ్చేది 12 కోట్లే. సీడ్ ఇన్వెస్టర్‌కు మాత్రం వాటాయే లాభం. మిగిలిన 44 కోట్లను మిగతా 80 శాతం మధ్య పంచితే ఈమెకు 20.6 లక్షలు. నేరుగా గుణిస్తే 22.5 వస్తుంది, పెద్ద తేడా లేదు. అమ్మకం ధర ఇన్వెస్టర్లు పెట్టిన మొత్తానికి దగ్గరగా ఉన్నప్పుడే ఈ షరతు కోరలు చూపిస్తుంది. కాబట్టి ఇంటర్వ్యూలో అడగాల్సింది "ఇప్పటిదాకా మొత్తం ఎంత తెచ్చారు" అని. వాల్యుయేషన్ ఎంతని అడిగితే గొప్పలు వినపడతాయి. ఎంత తెచ్చారన్న ప్రశ్నకు వచ్చే జవాబు, ఆ కంపెనీ ఎంతకు అమ్ముడయ్యే దాకా మనకు సున్నాయో చెబుతుంది. ఇన్వెస్టర్ తన డబ్బూ తీసుకుని మళ్ళీ వాటా కూడా అడిగే రకం ఒప్పందాలూ ఉన్నాయి. ఆర్టికల్స్‌లో "పార్టిసిపేటింగ్" అన్న మాట కనపడితే ఈ లెక్కంతా ఇంకా కిందికి దించుకోవాలి.

అవకాశాలతో గుణిస్తే

ఇక్కడ వేసే శాతాలు నా అంచనాలు, ఏ సర్వేలోనివీ కావు. మీరు ఆ కంపెనీని చూసి మీ అంచనా వేసుకోవాలి. నియమం ఒక్కటే: అన్నింటికంటే పెద్ద గడి సున్నాదే కావాలి.

తిరుపతి కంపెనీకి 65 శాతం సున్నా వేశాను. 25 కోట్ల రకం చిన్న అమ్మకానికి 20 శాతం, 60 కోట్ల రకానికి 11, మూడు రౌండ్లూ దాటి 500 కోట్లకు చేరడానికి 4 శాతం. 500 కోట్లలో 0.26 శాతమంటే దాదాపు 1.32 కోట్లు. ఒక్కోదాన్నీ దాని అవకాశంతో గుణిస్తే, చిన్న అమ్మకం నుంచి 50 వేలు, మధ్య దాని నుంచి 2.2 లక్షలు, పెద్దదాని నుంచి 5.3 లక్షలు. మొత్తం 8 లక్షలు.

ఆ 8 లక్షల్లో మూడింట రెండు వంతులు ఆ 4 శాతం గడి నుంచే వచ్చాయని గమనించండి. ఆ 4ను 2 చేస్తే మొత్తం ఐదున్నర లక్షలకు లోపే పడిపోతుంది. అంటే ఈ లెక్క ఎంత నమ్మదగిందంటే, ఆ ఒక్క అంచనా ఎంత నమ్మదగిందో అంత. అందుకే దాని మీదే ఎక్కువ సేపు కూర్చోవాలి: ఎన్ని కేంద్రాలు డబ్బులిచ్చి ఆ పరికరం వాడుతున్నాయి, రెండో ఏడాది మళ్ళీ కడుతున్నాయా, బ్యాంకులో ఎన్ని నెలల ఖర్చుకు డబ్బుంది. మా అమ్మాయి ఓ ఆదివారం పుంగనూరు వైపు రెండు కేంద్రాలకు వెళ్ళి చూసొచ్చింది. ఒకచోట పరికరం పనిచేస్తోంది, రెండోచోట వైరు పీకేసి పక్కన పెట్టారు. కరెంటు పోయిన ప్రతిసారీ అలారం మోగి ప్రాణం తీస్తోందట. ఇన్వెస్టర్లకు చూపించే పిచ్ డెక్‌లో దొరకని సంగతి అది. ఆ 4 శాతాన్ని పెంచాలనిపించలేదు, తగ్గించాలనీ అనిపించలేదు. అలారం బాగుచెయ్యడం పెద్ద పని కాదు.

బెంగళూరు కంపెనీకి 60 శాతం సున్నా. అందులో 300 కోట్ల అమ్మకం లాంటివి కూడా కలిసే ఉన్నాయి. ఇప్పటి విలువకే అమ్ముడవడానికి 28 శాతం, అప్పుడు 18 లక్షలు. రెండు రౌండ్ల తర్వాత 1,500 కోట్లకు చేరడానికి 12 శాతం, అప్పుడు 69 లక్షల్లోంచి కొనుగోలు ధర 18 లక్షలు పోగా 51 లక్షలు. కలిపితే 11 లక్షలు.

ఇప్పుడు రెండో పళ్ళెంలో వదులుకునే జీతం పెట్టాలి. బెంగళూరుకు పోతే చెన్నైతో చూస్తే ఏడాదికి 2 లక్షలు, నాలుగేళ్ళకు 8 లక్షలు తక్కువ. తిరుపతిలో 6 లక్షలు తక్కువే గానీ, ఇంట్లోనే ఉంటుంది కాబట్టి నెలకు 20 వేలు అద్దె, హాస్టల్ ఖర్చు మిగులుతుంది. అది పోగా ఏడాదికి 3.6 లక్షలు, నాలుగేళ్ళకు 14.4 లక్షలు. 8 లక్షల ఆశ కోసం 14.4 లక్షల జీతం. ఆ లెటర్ మీద ఉన్నది ఉన్నట్టు సంతకం పెట్టడం దండగ.

పైగా జీతం నెలనెలా వస్తుంది, ఆప్షన్ డబ్బు ఏళ్ళు గడిచాక. తిరుపతి కంపెనీకి ఏడేళ్ళు పడుతుందనుకుని ఏడాదికి 12 శాతం చొప్పున తగ్గిస్తే 8 లక్షలు ఇవాళ్టి లెక్కలో 3.6 లక్షలే. బెంగళూరు 11 లక్షలు, ఐదేళ్ళకైతే, 6.3 లక్షలు. వదులుకునే జీతాన్నీ అలాగే తగ్గిస్తే తిరుపతిది 11, బెంగళూరుది 6 లక్షల చిల్లర. అంటే 36 లక్షలని మెరిసిన లెటర్ చివరికి చెన్నై జీతంతో సరిసమానంగా తేలింది.

మధ్యలో మానేస్తే

ఇంతదాకా ఆమె నాలుగేళ్ళూ ఉంటుందని అనుకున్నాం. ఆప్షన్లు నాలుగేళ్ళ మీద కొంచెం కొంచెంగా ఆమెవి అవుతాయి. మొదటి ఏడాది లోపు ఏదీ కాదు, చట్టమే కనీసం ఏడాది ఆగమంటుంది. మూడేళ్ళకు మానేస్తే నాలుగింట మూడు వంతులే ఆమెవి. అది అందరికీ తెలుసు. తెలియనిది లెటర్లో చివరి పేజీలో ఉండే ఇంకో వాక్యం: మానేశాక ఎన్ని రోజుల్లోగా షేర్లు కొనుక్కోవాలి అన్నది.

బెంగళూరు కంపెనీలో 90 రోజులు. నాలుగేళ్ళకు మానేసిందనుకుందాం. షేర్లు తీసుకోవడానికి 18 లక్షలు కట్టాలి. అది కాక పన్ను. షేరు తీసుకున్న రోజున దాని విలువకూ, కట్టిన ధరకూ ఉన్న తేడాను జీతంగా లెక్కవేసి పన్ను పట్టుకుంటారు. ఆ విలువను మర్చంట్ బ్యాంకర్ కడతాడు. ₹1,800 అన్నాడనుకోండి, తేడా ₹600 చొప్పున 9 లక్షలు, 30 శాతం స్లాబులో సెస్సు కాకుండానే 2.7 లక్షలు. మొత్తం 20.7 లక్షలు చేతినుంచి పెట్టి, ఎవరికీ అమ్ముకోలేని కాగితం తెచ్చుకోవాలి. అప్పటికైనా ఆ పిల్ల దగ్గర అంత ఎక్కడిది? ఏడాదో రెండేళ్ళో ఆగి కంపెనీ అమ్ముడైతే సరే, కాకపోతే ఆ డబ్బు కూడా పోతుంది. చాలామంది ఆ 90 రోజులూ టెన్షన్ పడి చివరికి వదిలేస్తారు. అలా వదిలేసినవన్నీ తిరిగి కంపెనీ పూల్‌లోకే పోతాయి.

ప్రత్యేక ధ్రువీకరణ పొందిన కొన్ని స్టార్టప్‌ల ఉద్యోగులకు ఈ పన్నును వాయిదా వేసే వెసులుబాటు ఉంది. ఉద్యోగం మానితే ఆ వాయిదా కూడా తీరిపోతుంది, కాబట్టి ఇక్కడ అక్కరకు రాదు. షేర్లు రెండేళ్ళకు పైగా ఉంచుకుని అమ్మితే ఆ తర్వాతి లాభం మీద 12.5 శాతం పన్ను. ఆ దశకు చేరడమే కష్టం.

నా మటుకు నేను ఆప్షన్లు పదో ఇరవయ్యో శాతం ఎక్కువిస్తామంటే వద్దని, ఈ గడువు పొడిగించమంటాను. కంపెనీ అమ్ముడయ్యేదాకానో, పదేళ్ళదాకానో ఉంచుకునే వీలుంటే, ముందుగా డబ్బు పెట్టకుండా ఫలితం చూశాకే నిర్ణయించుకోవచ్చు. ఇప్పుడు చాలా కంపెనీలు ఇస్తున్నాయి కూడా. అడగడంలో తప్పులేదు.

అడిగాక ఏమైంది

బెంగళూరు వాళ్ళు మర్యాదగానే కుదరదన్నారు. 90 రోజులు అందరికీ ఒకటే రూలట. అంటే ఆ 11 లక్షల లెక్క, కంపెనీ అమ్ముడయ్యేదాకా అక్కడే పనిచేస్తేనే చెల్లుతుంది.

తిరుపతి ఫౌండర్‌తో అమ్మాయే మాట్లాడింది. శాతం, వదులుకునే జీతం, రెండూ ఒకే కాగితం మీద రాసి ముందు పెట్టింది. 8 లక్షల విలువకు 14.4 లక్షలు వదులుకోవడం సరితూగాలంటే 0.9 శాతం కావాలని లెక్క. అతను 8,000 ఆప్షన్లు, 12.5 లక్షల జీతం, మానేశాక పదేళ్ళ గడువు అన్నాడు. 0.8 శాతానికి అదే అవకాశాల లెక్కన 12.7 లక్షలు. వదులుకునేది ఏడాదికి 2.1 చొప్పున 8.4 లక్షలు. ఏడేళ్ళ ఆలస్యం కలిపితే ఇవాళ్టి లెక్కలో 5.7 లక్షల కోసం 6.4 లక్షలు. ఇంకా చెన్నైదే కాస్త పైచేయి, కానీ 70 వేల తేడా. ఆ 70 వేలు పెట్టి మా అక్క చేతి వంట కొనుక్కున్నట్టని వాళ్ళ నాన్న కూడా ఒప్పుకున్నాడు.

కొత్త లెటర్లో 8,000 పక్కనే "ఫుల్లీ డైల్యూటెడ్ 10,00,000 షేర్లలో" అని రాయించుకుంది. బోనస్ షేర్లు ఇచ్చినా, షేర్లను చిన్నవిగా విడగొట్టినా ఆప్షన్ల సంఖ్య ఆ నిష్పత్తిలోనే పెరుగుతుందన్న వాక్యం ఉందో లేదో స్కీమ్ కాగితంలో చూసుకుంది. రౌండుకు ముందు బోనస్ ఇచ్చి షేర్లను పదింతలు చేయడం ఇక్కడ మామూలే, ఆ వాక్యం లేకపోతే 0.8 శాతం ఒక్క తీర్మానంతో 0.08 అవుతుంది. లెటర్ ఎంత బాగున్నా గ్రాంటు బోర్డు ఆమోదించిన తేదీ నుంచే మొదలవుతుంది కాబట్టి, ఆ తేదీతో వేరే గ్రాంట్ లెటర్ చేతికొచ్చేదాకా చెన్నైలో రాజీనామా పెట్టలేదు. అది రావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది.